గ్రూప్ ఫోటోలో తల మార్చాక మళ్లీ మార్చమంటే: లేయర్లు ఎలా పేర్చుకోవాలి

ప్రశ్న: పెళ్లి గ్రూప్ ఫోటోలో పెళ్లికూతురి మేనత్తగారి కళ్లు మూసుకుపోయాయి. ఫోటోషాప్‌లో పక్క ఫ్రేము నుంచి ఆవిడ తల కత్తిరించి తెచ్చి అతికించాను. ఫ్లాటెన్ చేసి జేపీజీ ఇచ్చేశాను. ఇప్పుడు వాళ్లు ఆ నవ్వు బాగాలేదు, ఇంకో ఫోటోలోది పెట్టండి అంటున్నారు. అంతా మొదటి నుంచి చేయాలా? ఇకముందు ఇలా జరగకుండా ఏ వరుసలో చేయాలి?

సమాధానం:

ముందు చేతిలో ఉన్న పని సంగతి. మొదటి నుంచి చేయనక్కరలేదు. మీరు ఇచ్చిన జేపీజీని పిక్సెల్ సైజు మార్చకుండా, క్రాప్ చేయకుండా ఉంచి ఉంటే దాన్నే అడుగు లేయరుగా పెట్టుకోండి. మిగతా వాళ్ల ముఖాలకు చేసిన పని అంతా అందులో ఉంది. వాళ్లు కోరిన ఫ్రేమును దాని మీదకు తెచ్చి, ఆవిడ తల ఒక్కటే కనిపించేలా మాస్క్ వేయండి. అయితే ఆ జేపీజీకి మీరు చివర్లో వేసిన రంగుల మార్పు కొత్త తలకు ఉండదు కాబట్టి, దాన్ని ఈ తలకు విడిగా వేయాలి. అడుగున ఉన్నది ఒకసారి కుదించిన జేపీజీ కాబట్టి దీన్ని ఈ ఒక్క డెలివరీకే వాడండి. ఆల్బం మాస్టర్ ఫైలుగా దాచుకోకండి.

ఇక వరుస సంగతి. తల మార్పిడిలో మనం తీసుకునే నిర్ణయాలు నాలుగైదు ఉంటాయి. ఏ ఫ్రేము తల, అది ఎక్కడ కూర్చోవాలి, ఎంత మేర కనిపించాలి, రంగు ఎంత సవరించాలి, అతుకు దగ్గర ఏం సర్దాలి. కత్తిరించి అతికించినప్పుడు ఇవన్నీ ఒకే పిక్సెల్ లేయరులో కలిసిపోతాయి. దానితో ఒకటి మార్చాలంటే అన్నీ మార్చాల్సి వస్తుంది. ఒక్కో నిర్ణయం ఒక్కో చోట విడిగా ఉండాలి. ఫ్రేము స్మార్ట్ ఆబ్జెక్టులో, స్థానం దాని ట్రాన్స్‌ఫామ్‌లో, హద్దు మాస్క్‌లో, రంగు క్లిప్ చేసిన కర్వ్స్‌లో, అతుకు సర్దుబాటు విడి ఖాళీ లేయరులో.

మీ ఫోటోనే ఉదాహరణగా తీసుకుందాం. 24 మెగాపిక్సెళ్ల కెమెరా, ఒక్కో ఫ్రేము 6000×4000 పిక్సెళ్లు, చేత్తో పట్టుకుని వరుసగా తీసినవి అనుకుందాం. ఎక్కువ మంది బాగా వచ్చింది 4125, ఆవిడ కళ్లు తెరిచి ఉన్నవి 4127, 4131. చివరకు లేయర్ల ప్యానెల్ ఇలా ఉండాలి:

```
05_GRADE
04_JOIN
03_HEAD_ATTA      <- group + mask
     CURVES_4131  <- clipped
     DSC_4131     <- smart object
     CURVES_4127  <- clipped
     DSC_4127     <- smart object
02_BG_FIX
01_BASE_4125      <- smart object
```

అడుగు ఫ్రేమును కెమెరా రా నుంచే స్మార్ట్ ఆబ్జెక్టుగా తెరవండి. కెమెరా రా కిటికీలో Shift నొక్కి పట్టుకుంటే Open బటన్ Open Object గా మారుతుంది. లైట్‌రూమ్ వాడేవారికి Edit In మెనూలో Open as Smart Object in Photoshop ఉంది. మిగతా రెండు ఫ్రేములను File మెనూలోని Place Embedded తో తీసుకురండి. ఇలా తెచ్చిన రా ఫైలు మీద ఎప్పుడు డబుల్ క్లిక్ చేసినా కెమెరా రా మళ్లీ తెరుచుకుంటుంది. ఎక్స్‌పోజరు, వైట్ బ్యాలెన్సు నెలల తర్వాత కూడా అక్కడే మార్చుకోవచ్చు.

ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. తలను కత్తిరించి తేకండి, ఫ్రేము మొత్తాన్ని తెండి. 6000×4000 ఫ్రేము అదే కొలత ఉన్న ఫైలులోకి వస్తే సరిగ్గా దాని మీదే కూర్చుంటుంది, తల కూడా దాదాపు తన చోటికే వస్తుంది. మాస్క్ తీసేసి చూస్తే రెండు ఫ్రేముల్లోనూ ఉన్న వస్తువులను పోల్చుకోవచ్చు. రంగు సరిచేసేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. రేపు భుజం కూడా ఇదే ఫ్రేములోది కావాలంటే మాస్క్ కాస్త తెరిస్తే సరిపోతుంది. కత్తిరించి తెచ్చిన తలకు భుజం ఉండదు.

ఇందుకు ఒక షరతు ఉంది. మూడు ఫ్రేములకూ కెమెరా రాలో లెన్స్ ప్రొఫైల్ సవరణ ఒకేలా ఉండాలి, దేన్నీ అక్కడ క్రాప్ చేయకూడదు. ఒకదానికి ప్రొఫైల్ వేసి ఇంకోదానికి వేయకపోతే ఫ్రేము మధ్యలో అన్నీ కలిసినట్టే ఉండి, అంచుల వైపు నిలబడిన వాళ్లు జరిగిపోతారు. క్రాప్ చేస్తే కొలతలే మారిపోతాయి. క్రాప్ ఏదైనా చివర్లో ఫోటోషాప్‌లో చేయండి. అప్పుడు కూడా Delete Cropped Pixels దగ్గర టిక్కు తీసేయండి.

తర్వాత తలను కూర్చోబెట్టడం. చాలామంది ఇక్కడ Auto-Align Layers కోసం వెతుకుతారు. అది స్మార్ట్ ఆబ్జెక్టుల మీద పనిచేయదు. దాని కోసం రాస్టరైజ్ చేస్తే రా సెట్టింగులు పోతాయి. ఒక తలకు ఆ సౌకర్యం అవసరం కూడా లేదు. 4127 లేయరు బ్లెండ్ మోడ్‌ను Difference కి మార్చండి. రెండు ఫ్రేములు కలిసిన చోట నలుపు, కలవని చోట వెలుగు గీతలు కనిపిస్తాయి. ముఖం చూసి కలపకండి, ఆవిడ తల ఎలాగూ కాస్త తిరిగి ఉంటుంది. మెడ మొదలు, జాకెట్టు అంచు, భుజం మీద చీర మడత, ఈ మూడూ నల్లబడేలా చూడండి. Ctrl+T నొక్కి బాణం గుర్తులతో ఒక్కో పిక్సెల్ జరపండి, Shift పట్టుకుంటే పదేసి జరుగుతుంది. చేతి కెమెరా అయితే కొద్దిగా తిప్పాల్సి రావచ్చు. ఉదాహరణకు 12 పిక్సెళ్లు కుడికి, 5 కిందికి, 0.4 డిగ్రీలు తిప్పారనుకుందాం. స్మార్ట్ ఆబ్జెక్టులో మళ్లీ Ctrl+T నొక్కితే ఆ 0.4 అలాగే కనిపిస్తుంది. మీరు పదిసార్లు మార్చినా ప్రతిసారీ అసలు ఫైలు నుంచే లెక్క కడుతుంది కాబట్టి తల మెత్తబడుతూ పోదు. మామూలు లేయరులో ప్రతి ట్రాన్స్‌ఫామ్ అంతకు ముందు మిగిలిన పిక్సెళ్ల మీద జరుగుతుంది, పదును పోతుంది. కుదిరాక బ్లెండ్ మోడ్‌ను Normal కి తెచ్చేయండి.

ఇప్పుడు మాస్క్. దీన్ని స్మార్ట్ ఆబ్జెక్టు మీద వేయకండి. ఆ లేయరును గ్రూపులో పెట్టి, గ్రూపుకు వేయండి. లేయరు మీద వేస్తే బొమ్మకూ మాస్క్‌కూ మధ్య గొలుసు గుర్తు ఉంటుంది, తలను రెండు పిక్సెళ్లు జరిపితే మాస్క్ కూడా జరుగుతుంది. గొలుసు తెంచవచ్చు, కానీ ఆరు నెలల తర్వాత ఫైలు తెరిచిన మనిషికి అది గుర్తుండదు. గ్రూపు మాస్క్ అయితే లోపల తల ఎటు జరిగినా హద్దు ఉన్నచోటే ఉంటుంది. ఇంకో లాభం, ఆ గ్రూపులోనే 4131 కూడా పెట్టి, కంటి గుర్తులు మార్చి రెండు నవ్వులూ ఆ కుటుంబానికి చూపించవచ్చు. మీకు వచ్చిన సమస్య ఇక్కడే తీరిపోతుంది.

గ్రూపును ఎంచుకుని, Alt పట్టుకుని మాస్క్ గుర్తు మీద క్లిక్ చేస్తే నల్లటి మాస్క్ వస్తుంది, అంటే అంతా దాగిపోతుంది. తెల్ల బ్రష్షుతో తలను బయటికి తీయండి. హద్దు ఎక్కడ పడాలన్నదే అసలు పని. తల ఆకారం చుట్టూ కత్తిరించినట్టు గీయాలనిపిస్తుంది, కానీ అవసరం లేనిచోట అలా చేయకండి. వెనక మసకగా మండపం పూల అలంకరణ ఉంటే, తలతో పాటు కొత్త ఫ్రేములోని ఆ మసక నేపథ్యాన్ని కూడా కొంత తెచ్చుకుని, హద్దును 40 నుంచి 60 పిక్సెళ్ల మెత్తటి బ్రష్షుతో ఆ మసకలోకి తోసేయండి. జుట్టు వెంట్రుకల గొడవే ఉండదు. పక్కవాళ్ల చెంప ఆవిడ తలకు తగులుతున్న చోట మాత్రం హద్దు ఆకారం వెంటే నడవాలి. ఆ అంచు ఫోటోలో ఎంత పదునుగా ఉందో బ్రష్షు కూడా అంతే పదునుగా ఉండాలి. ఫోకస్‌లో ఉన్న దవడ అంచుకు ఒకటి రెండు పిక్సెళ్ల మెత్తదనం చాలు. అంతకన్నా మెత్తగా వేస్తే పాత తల అంచు వెలుగులా చుట్టూ కనిపిస్తుంది.

కింది హద్దు మెడ మధ్యలో పడకూడదు. చర్మం మీద చిన్న రంగు తేడా కూడా కంటికి పడుతుంది. జాకెట్టు అంచు మీదో, చీర మడత నీడలోనో దాచండి. నగలు ఏవైనా పూర్తిగా ఒకే ఫ్రేమువి కావాలి. హద్దు హారాన్ని దాటితే గొలుసు రెండుగా కనిపిస్తుంది లేదా మధ్యలో తెగుతుంది. తలంబ్రాల తర్వాత తీసిన ఫోటో అయితే ఇంకొకటి చూడాలి. జుట్టులో, భుజాల మీద బియ్యపు గింజలు ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట ఉంటాయి. అది ఎవరూ పట్టించుకోరు. హద్దు మీద పడి సగానికి తెగిన గింజ మాత్రం పెద్ద ప్రింటులో కనిపిస్తుంది. దాన్ని పూర్తిగా లోపలికో బయటికో తోసేయండి.

4131లో ఆవిడ తల 4127 కన్నా ఒక పక్కకు వంగి ఉండి ఒకే మాస్క్ రెండింటికీ చాలకపోతే, గ్రూపు మాస్క్‌ను రెండు తలలూ పట్టేలా కొంచెం వెడల్పు చేసి, సన్నటి హద్దును ఆయా స్మార్ట్ ఆబ్జెక్టు మీదే వేయండి. గ్రూపు మాస్క్ మాత్రం తీసేయకండి.

పాత తల అంచులు కొత్త తల వెనక నుంచి బయటికి కనిపించడం తరచూ వచ్చే ఇబ్బంది. రెండు చెవిబుట్టలు కనిపిస్తాయి, లేదా పాత కొప్పు అంచు మిగులుతుంది. దీన్ని పైనుంచి క్లోన్ చేసి కప్పేస్తే, రేపు తల మారినప్పుడు ఆ ముక్క కొత్త చెంప మీద మిగిలిపోతుంది. అందుకే 02_BG_FIX గ్రూపుకు కింద ఉంది. ఖాళీ లేయరు తీసుకుని, క్లోన్ స్టాంపుకు పైన Sample దగ్గర Current & Below పెట్టి, పాత తల అంచులను నేపథ్యంతో నింపండి. అది గ్రూపు కింద ఉంటుంది కాబట్టి పైన ఏ తల పెట్టినా చెక్కు చెదరదు. ఆవిడ వేరే పక్కకు వంగిన ఫ్రేము ఏదైనా ఉంటే, క్లోన్ చేయకుండా ఆ ఫ్రేమునే స్మార్ట్ ఆబ్జెక్టుగా అక్కడ పెట్టి మాస్క్ వేయడం ఇంకా మేలు, ఎందుకంటే అది నిజమైన నేపథ్యం. Sample దగ్గర All Layers ఎప్పుడూ పెట్టకండి. పైనున్న రంగుల మార్పు కూడా కలిసిన పిక్సెళ్లు కిందికి వస్తాయి, తర్వాత వాటి మీద అదే మార్పు రెండోసారి పడుతుంది.

రంగు దగ్గర కారణం తెలుసుకుని సరిచేయాలి. వరుసగా నొక్కినప్పుడు ఫ్లాష్ పూర్తిగా చార్జ్ అవదు, కాబట్టి రెండో ఫ్రేము కాస్త చీకటిగా వస్తుంది. అంతటితో ఆగదు. ఫ్లాష్ తగ్గిన మేరకు మండపం ఎల్‌ఈడీ దీపాల పాలు పెరుగుతుంది, ముఖం ఊదా వైపు మొగ్గుతుంది. వెలుగు తేడాను స్మార్ట్ ఆబ్జెక్టు తెరిచి కెమెరా రాలోనే, ఎక్స్‌పోజరు +0.65 అలా పెంచి సరిచేయండి. రా ఫైలులో ఆ అవకాశం ఎక్కువ ఉంటుంది. మిగిలిన రంగును కర్వ్స్‌తో. స్మార్ట్ ఆబ్జెక్టు మీద కర్వ్స్ లేయరు వేసి Ctrl+Alt+G నొక్కితే అది ఆ ఒక్క లేయరుకే క్లిప్ అవుతుంది.

ఎంత సవరించాలన్నది కంటితో ఊహించనక్కరలేదు. ఫ్రేము మొత్తం తెచ్చిన లాభం ఇక్కడ అందుతుంది. Shift పట్టుకుని గ్రూపు మాస్క్ మీద క్లిక్ చేస్తే మాస్క్ తాత్కాలికంగా ఆగి, కొత్త ఫ్రేము పూర్తిగా కనిపిస్తుంది. పక్కన నిలబడిన పెద్దాయన తెల్ల కండువా మీద కలర్ శాంప్లర్‌తో గుర్తు పెట్టండి. శాంపిల్ సైజు 5×5 సగటు ఉండాలి, ఒక్క పిక్సెల్ మీద నమ్మకం పెట్టకండి. పైనున్న రంగుల మార్పు లేయరు 05_GRADE ఆపేసి, గ్రూపు కంటి గుర్తు తీసి ఒకసారి, పెట్టి ఒకసారి Info ప్యానెల్ చూడండి. అడుగు ఫ్రేములో ఎరుపు 212, ఆకుపచ్చ 208, నీలం 205 అనీ, కొత్త దానిలో 211, 200, 211 అనీ చూపించిందనుకోండి. ఆకుపచ్చ ఎనిమిది తక్కువ, నీలం ఆరు ఎక్కువ, అదే ఊదా మరక. కర్వ్స్‌లో ఆకుపచ్చ చానెల్‌ను ఆ స్థాయి దగ్గర పైకి, నీలాన్ని కిందికి లాగండి, అంకెలు కలిసేదాకా. ఎరుపు జోలికి పోనక్కరలేదు. తర్వాత మాస్క్‌ను మళ్లీ Shift క్లిక్‌తో తిరిగి ఆన్ చేయండి. కండువా, ముఖం ఒకే దూరంలో, ఒకే వెలుగులో ఉంటేనే ఈ కొలత ముఖానికి వర్తిస్తుంది. వెనక వరుసలో ఉన్న బట్టను కొలతగా తీసుకోకండి.

ఫ్లాష్ అసలు వెలగని ఫ్రేము అయితే దాన్ని వదిలేయండి. ముక్కు నీడ ఇంకో వైపు పడుతుంది, కంటిలో ఫ్లాష్ చుక్క ఉండదు. కర్వ్స్ రంగును మారుస్తుంది కానీ వెలుగు వచ్చిన దిక్కును మార్చలేదు.

అతుకు సరిగా ఉందో లేదో చూడటానికి అన్నిటికన్నా పైన రెండు తాత్కాలిక లేయర్లు వేసుకోండి. ఒకటి నిటారుగా ఎస్ ఆకారంలో లాగిన కర్వ్స్, రెండోది సాచురేషన్ +100 పెట్టిన హ్యూ/సాచురేషన్. మొదటిది వెలుగు తేడాలను, రెండోది రంగు తేడాలను పెంచి చూపిస్తుంది. మామూలుగా కనపడని హద్దు ఈ రెండిటిలో గీతలా తేలుతుంది. చూశాక తీసేయండి. 100 శాతం జూమ్‌లో ఒకసారి, ఫోటో మొత్తం కనిపించేలా ఒకసారి చూడండి. 6000×4000 ఫ్రేము 12×18 అంగుళాల షీటుకు వేస్తే అంగుళానికి 333 పిక్సెళ్లు పడతాయి. ఒక పిక్సెల్ తప్పు ఎవరికీ కనపడదు, కానీ అరచేయంత మేర రంగు తేడా దూరం నుంచే కనిపిస్తుంది. మొదటిదాని మీద గంటలు పోసి రెండోదాన్ని వదిలేయడం ఎక్కువగా చూస్తుంటాను.

అతుకు దగ్గర ఇంకా ఏమైనా మిగిలితే, అంటే గడ్డం కింద నీడ లాంటిది, 04_JOIN ఖాళీ లేయరు మీద హీలింగ్ బ్రష్షుతో సర్దండి. ఇది ఒక్కటే తల మారితే చెల్లని లేయరు. అందుకే దీని మీద పని వీలైనంత తక్కువ ఉండాలి. తల మార్చిన ప్రతిసారీ దీన్ని ఆపేసి కొత్త ఖాళీ లేయరు తీసుకోవాలి. స్మార్ట్ ఆబ్జెక్టు మీద నేరుగా బ్రష్షో క్లోనో పెట్టబోతే ఫోటోషాప్ రాస్టరైజ్ చేయమంటారా అని అడుగుతుంది. అక్కడ ఎప్పుడూ Cancel నొక్కండి.

ఇక ఆ కుటుంబం అడిగినట్టు 4131 పెట్టడం. చాలామంది Replace Contents వాడమని చెబుతారు. ట్రైపాడ్ మీద తీసిన ఫోటోలకు అది బాగా పనిచేస్తుంది. పాత స్థానం, ఫిల్టర్లు అన్నీ కొత్త ఫ్రేముకు వచ్చేస్తాయి. చేతి కెమెరాకు మాత్రం నేను దాన్ని వాడను. 4127 కోసం తిప్పిన 0.4 డిగ్రీలు 4131కి కూడా అంటుకుంటాయి, ఆ ఫ్రేములో కెమెరా అసలు వంగి ఉండకపోవచ్చు. పైగా 4127 ఫైలులోంచి పోతుంది. పాతదే బాగుంది అంటే మళ్లీ వెతుక్కోవాలి. దాని బదులు 4131ని గ్రూపులోనే కొత్తగా Place Embedded చేసి, Difference తో కూర్చోబెట్టి, దానికి తనదైన కర్వ్స్ వేసి, 4127 కంటి గుర్తు తీసేయండి. మాస్క్, నేపథ్యం, పై రంగులు అన్నీ ముందే ఉన్నాయి కాబట్టి మిగిలిన పని కొంచెమే.

అదే 4127లో వెనక వరుసలోని బాబాయిగారి తల కూడా బాగుందనుకోండి. ఆ స్మార్ట్ ఆబ్జెక్టును Ctrl+J తో నకలు తీస్తే రెండూ లోపల ఒకే ఫైలును పంచుకుంటాయి. ఒకదాని ఎక్స్‌పోజరు మారిస్తే రెండోదీ మారుతుంది. ఫ్లాష్ తేడా ఇద్దరికీ ఒకటే అయితే అది సౌకర్యమే. కానీ ఒకచోట Replace Contents చేస్తే రెండోచోటా ఫ్రేము మారిపోతుంది, చూసుకోకపోతే బాబాయిగారి కొత్త ముఖం ఆల్బంలోకి వెళ్లిపోతుంది. రెండూ వేర్వేరుగా ఉండాలంటే లేయరు మీద రైట్ క్లిక్ చేసి New Smart Object via Copy తీసుకోండి.

డెలివరీకి Flatten Image వాడకండి. Save a Copy తో జేపీజీ తీయండి, లేయర్లున్న ఫైలు తెరిచినట్టే ఉంటుంది. మూడు రా ఫైళ్లు లోపల ఉన్నందువల్ల ఫైలు బరువెక్కుతుంది. పీఎస్‌డీకి హద్దు 2 జీబీ, అది దాటితే పీఎస్‌బీగా భద్రపరచండి. బరువు తగ్గించాలని Place Linked వాడితే రా ఫైళ్లు బయటే ఉంటాయి. ఫోల్డరు పేరు మారినా, హార్డ్ డిస్కు మారినా లింకు తెగుతుంది. ఒకే ఫోటో ఆల్బంలో చాలా పేజీల్లో వచ్చే చోట మాత్రం లింకు పెట్టడంలో అర్థం ఉంది. అప్పుడు ఫైలు అప్పగించే ముందు File మెనూలోని Package తో లింకు ఫైళ్లన్నీ ఒకే ఫోల్డరులోకి చేర్చండి. గ్రూప్ ఫోటో తల మార్పిడికి Place Embedded చాలు.